తాళం తీసే విభాగం కూడా నేనే

మొన్న ఆదివారం మా మేనల్లుడు టిఫిన్ వేళకి వచ్చి, ఇడ్లీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోను నా చేతిలో పెట్టాడు. "మామయ్యా, రాజీనామా రాశాను. చదివి నవ్వొస్తే నవ్వు, తప్పులుంటే చెప్పు" అన్నాడు. మాదాపూర్‌లో పన్నెండు అంతస్తుల కంపెనీలో నాలుగున్నరేళ్ళుగా వాడి ఉద్యోగం. అది వదిలేసి, కొండాపూర్‌లో ఒక కర్రీ పాయింట్ మీద మేడగదిలో నడిచే స్టార్టప్‌లో చేరబోతున్నాడు. వాడితో కలిపి అక్కడ ఐదుగురు.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు ఆఫీసుల్లో మనుషుల్ని చేర్చుకునే, సాగనంపే శాఖలో పనిచేశాను. పర్సనల్ డిపార్ట్‌మెంటు అన్న బోర్డు తీసి హెచ్ఆర్ అన్న బోర్డు పెట్టడం నా కళ్ళముందే జరిగింది. నేను చూసిన రాజీనామాలు వేలల్లో ఉంటాయి. నూటికి తొంభై ఐదు ఒకే అచ్చు: వ్యక్తిగత కారణాల వల్ల, మెరుగైన అవకాశం కోసం, ఇంతకాలం ఇచ్చిన సహకారానికి కృతజ్ఞతలు. మిగిలిన ఐదింటిలో కొన్ని కోపంతో రాసినవి, కొన్ని నవ్వించడానికి రాసినవి. ఆ నవ్వించడానికి రాసినవే నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చాయి. కోపంగా రాసినవాడిని పిలిచి కూర్చోబెట్టి, చల్లబరిచి, కొత్త కాగితం ఇచ్చి మళ్ళీ రాయించవచ్చు. నవ్వుతూ రాసినవాడికి తను ఏం రాశాడో తెలియదు.

మావాడి ఉత్తరం అలాంటిదే. చదివి నేను నిజంగానే నవ్వాను. కాఫీ మిషన్ గురించి ఒక పేరా, శుక్రవారం సాయంత్రం ఆరింటికి పెట్టే మీటింగుల గురించి ఒక పేరా. మేనేజరు మాటమాటకీ వాడే ఒక ఇంగ్లిషు ముక్క మీద చురక. ఆ తర్వాత, "ఆరు నెలలుగా రాత్రిళ్ళు కొత్త కంపెనీ పని చేసి, పగలు ఇక్కడ నిద్రపోయినందుకు క్షమించగలరు." చివర్లో, "మేడగదిలో ఇంకో మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఎవరైనా వస్తే టీ ఫ్రీ." ఉత్తరం మొత్తంలో 'రాజీనామా' అన్న మాట శీర్షికలో తప్ప ఎక్కడా లేదు. ఎప్పుడు వెళ్తున్నాడో అసలే లేదు.

"బావుంది. ఇది నీ స్నేహితులకి పంపించు. ఆఫీసుకి వేరేది రాద్దాం" అన్నాను. వాడి మొహం ఇడ్లీ కంటే ముందు చల్లారింది.

రాజీనామా ఉత్తరాన్ని ఎవరు చదువుతారో రాసేవాడికి సాధారణంగా తట్టదు. మావాడి కళ్ళముందు ఉన్నది వాడి మేనేజరు ఒక్కడే. ఆయన సరదా మనిషి. కానీ ఆయన దాన్ని తన పైవాళ్ళకి పంపుతాడు, పైవాళ్ళు హెచ్ఆర్‌కి పంపుతారు, హెచ్ఆర్ వాడి పేరుతో ఉన్న ఫైల్లో దాచుతుంది. నాలుగేళ్ళ తర్వాత ఇంకో కంపెనీ వాడి పూర్వాపరాలు వాకబు చేసినప్పుడు, ఎన్నడూ వాడి మొహం చూడని ఒక ఉద్యోగి ఆ ఫైలు తెరుస్తాడు. మనిషి ఎదురుగా ఉండి అంటే జోకయ్యేది, గొంతు పోయి అక్షరం మిగిలేసరికి ఒక్కోసారి ఫిర్యాదవుతుంది, ఒక్కోసారి ఒప్పుకోలవుతుంది.

వాడి ఉత్తరంలో ఆ ఒప్పుకోలు వాక్యాలే నన్ను భయపెట్టాయి. రాత్రిళ్ళు కొత్త కంపెనీ పని చేశానన్నది వాడి దృష్టిలో అతిశయోక్తి. నిజానికి వాడు చేసిందల్లా రెండు ఆదివారాలు వెళ్ళి వాళ్ళతో మాట్లాడటమే. కానీ దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ కంపెనీ నియామక పత్రంలోనూ రెండు షరతులుంటాయి. ఇక్కడ ఉద్యోగంలో ఉండగా ఇంకో చోట పని చేయకూడదన్నది మొదటిది. ఈ ఉద్యోగకాలంలో నువ్వు తయారుచేసినది, ముఖ్యంగా కంపెనీ వ్యాపారానికి సంబంధించినది, కంపెనీకే చెందుతుందన్నది రెండోది. వాడి జోకు ఈ రెండింటినీ ఒకే వాక్యంలో తొక్కేసింది. రేపు ఆ స్టార్టప్ బాగుపడి ఎవరో పెట్టుబడి పెట్టడానికి వస్తే, వాళ్ళ లాయర్లు మొదట అడిగేదే 'ఈ ప్రోగ్రాము ఎవరిది, రాసినవాడు అప్పుడు ఎక్కడ పనిచేస్తున్నాడు' అని. అప్పుడు పాత కంపెనీ ఫైల్లో, వాడి సొంత సంతకంతో, ఆరు నెలల రాత్రిళ్ళ కథ బయటపడుతుంది.

ఖాళీ కుర్చీల జోకూ అంతే. వెళ్ళిపోయాక ఏడాదిపాటు పాత సహోద్యోగుల్ని తనవైపు లాక్కోకూడదన్న షరతు చాలా పత్రాల్లో ఉంటుంది. ఉద్యోగం మానేశాక ఇదే రంగంలో అసలు పని చేయకూడదనే షరతులు మన దేశంలో సాధారణంగా కోర్టుల్లో నిలబడవు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వాటిని చెల్లనివ్వదు. అందుకని స్టార్టప్‌లో చేరడానికి వాడు భయపడాల్సిన పనిలేదు. కానీ మనుషుల్ని లాక్కోవద్దన్న షరతూ, రహస్యాలు బయటపెట్టొద్దన్న షరతూ వేరే లెక్క. అవి చెల్లుతాయా లేదా అని వాదించుకోవచ్చు గానీ, ఆ వాదన మొదలుపెట్టడానికి రాజీనామా ఉత్తరం చోటు కాదు. టీ ఫ్రీ అన్న ముక్క హెచ్ఆర్ కంటికి ఆహ్వాన పత్రికలా కనిపిస్తుంది.

"అయితే నవ్వించడమే తప్పా?" అన్నాడు మావాడు.

కాదు. ఎవరి మీద నవ్వుతున్నాం అన్నదే లెక్క. దీనికి నేను వాడికి ఇద్దరు అమెరికన్ రచయితల కథ చెప్పాను. ఆ ఇద్దరికీ తర్వాత ఒకరితో ఒకరికి పరిచయం కూడా ఉంది.

షేర్వుడ్ ఆండర్సన్ చికాగోలో ఒక ప్రకటనల కంపెనీలో మాటలు రాసే ఉద్యోగి. 1918 జూన్‌లో పై అధికారికి ఒక ఉత్తరం రాశాడు. అందులో తన గురించే, ఎవరో మూడో మనిషి గురించి రాసినట్టు రాశాడు. ఇక్కడ ఆండర్సన్ అని ఒకడున్నాడు, మనిషి మంచివాడే, కానీ వాడి మనసు పనిలో లేదు, వాడిని తీసేయాలని చాలాకాలంగా నాకు అనిపిస్తోంది, మీకు మొహమాటమైతే ఆ పని నాకు అప్పగించండి అని దాని సారాంశం. ఆగస్టు 1 నుంచి వాడికీ కంపెనీకీ సంబంధం తెంచేద్దామని తేదీతో సహా సిఫార్సు చేశాడు. పాపం బాధపెట్టకుండా పంపిద్దాం అని కూడా కలిపాడు. మరుసటి ఏడాది, 1919లో, ఆయనకి పేరు తెచ్చిన 'వైన్స్‌బర్గ్, ఒహాయో' కథల పుస్తకం వచ్చింది.

రెండో ఆయన విలియమ్ ఫాక్నర్. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో పోస్ట్‌మాస్టరుగా మూడేళ్ళు వెలగబెట్టాడు. కిటికీ దగ్గర జనం నిలబడి ఉంటే లోపల పత్రికలు చదువుకునేవాడనీ, పేకాట ఆడేవాడనీ చెబుతారు. ఫిర్యాదులు పెరిగి ఇన్‌స్పెక్టరు రంగంలోకి దిగాక, 1924లో ఆయన రాసిన రాజీనామా రెండు మూడు వాక్యాలే. బతకడానికి డబ్బున్నవాళ్ళ మాట వినక తప్పదేమో గానీ, రెండు సెంట్లు పెట్టి స్టాంపు కొనే ప్రతి దారిన పోయే వెధవ పిలుపుకీ పలికే ఖర్మ నాకు లేదు అన్న ధోరణిలో ఉంటుంది. ఈ ఫాక్నర్ మొదటి నవల అచ్చు కావడానికి చేయి అందించినవాడు ఆ ఆండర్సనే. తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది కాబట్టి ఫాక్నర్ పోస్టాఫీసు ఉత్తరాన్ని లోకం ముచ్చటగా చెప్పుకుంటుంది. నోబెల్ రాకపోయి ఉంటే అది పని ఎగ్గొట్టిన పోస్ట్‌మాస్టరు పెట్టిన శాపనార్థంగా మిగిలేది.

రెండూ నవ్విస్తాయి. ఆండర్సన్ ఉత్తరంలో నవ్వు తన మీద, అందుకే చదివిన అధికారికి ఎక్కడా గుచ్చుకోదు. ఫాక్నర్ ఉత్తరంలో నవ్వు స్టాంపు కొనడానికి వచ్చినవాడి మీద. మావాడి ఉత్తరంలో కాఫీ మిషన్ మీద, మేనేజరు ఊతపదం మీద నవ్వు ఉంది. కాఫీ మిషన్ పోయినా పర్వాలేదు, దానికి మనోభావాలుండవు. కానీ ఆ మిషన్ కొన్నాయన పై అంతస్తులో ఉంటాడు.

ఆండర్సన్ ఆగస్టు 1 అని రాసిన తేదీని దాటి వెళ్ళిపోకండి. ఎంత వేళాకోళం చేసినా, పని ఎప్పుడు ఆగుతుందో ఆ ఉత్తరం చెప్పింది. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండులో క్రిస్ హోమ్స్ అనే ఆయన రాజీనామాను కేకు మీద రాశాడు. స్టాన్‌స్టెడ్ విమానాశ్రయంలో పాస్‌పోర్టులు తనిఖీ చేసే అధికారి ఆయన. కేకులు తయారుచేసి అమ్మడం పక్క వ్యాపారం. తన 31వ పుట్టినరోజునాడు కేకు మీద క్రీముతో ఉత్తరం మొత్తం అందంగా రాసి ఆఫీసులో ఇచ్చాడు. అది ఫోటోలకెక్కి ప్రపంచమంతా తిరిగింది. అందరూ కేకు చూశారు. నా వృత్తి అలవాటు కొద్దీ నేను రాత చూశాను. అందులో తను రాజీనామా నోటీసు ఇస్తున్నానన్న వాక్యం ఎలాంటి చమత్కారమూ లేకుండా సూటిగా ఉంది. కారణం మర్యాదగా ఉంది: ఈమధ్యే తండ్రినయ్యాను, కుటుంబానికీ కేకుల వ్యాపారానికీ సమయం కావాలి. సంస్థకీ సహోద్యోగులకీ శుభాకాంక్షలున్నాయి. ఆ తర్వాతే, ఈ కేకు నచ్చితే మళ్ళీ ఆర్డరు ఇవ్వొచ్చన్న చమత్కారం. క్రీము తీసేసి అదే రాతను తెల్లకాగితం మీద పెడితే ఏ హెచ్ఆర్ అయినా కళ్ళు మూసుకుని ఫైల్లో పెట్టుకుంటుంది.

అందుకని మావాడికి ఒకటే షరతు పెట్టాను. మొదటి పేరాలో ఒక్క జోకు కూడా ఉండకూడదు. రాజీనామా, నోటీసు కాలం, చివరి రోజు, అంతే. చివరి రోజు దగ్గరే చిన్న చిక్కు వచ్చింది. వాడి నోటీసు 60 రోజులు. మార్చి 2న ఇస్తే, ఇచ్చిన రోజును మొదటి రోజుగా లెక్కేస్తే ఏప్రిల్ 30కి అరవై పూర్తవుతాయి. మర్నాటి నుంచి లెక్కేస్తే మే 1కి వస్తుంది. అది కార్మిక దినోత్సవం, సెలవు. ఏ లెక్క సరైనదో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఒక్క రోజే కదా అనుకోవద్దు. కొత్త చోట మే 1నే చేరుతున్నానని మాటిచ్చేస్తే, ఆ ఒక్కరోజు వాడు రెండు చోట్లా ఉద్యోగే. అందుకే తేదీ రాసి, కంపెనీ లెక్క వేరైతే దాన్నే పాటిస్తానని ఒక ముక్క కలపమన్నాను. అక్కడ చేరేది మే నాలుగో తారీఖు తర్వాతేనని స్టార్టప్ వాళ్ళకీ చెప్పించాను.

మూడు రోజులు కూర్చుని చివరికి ఇలా తేల్చాం. అసలు ఉత్తరం ఇంగ్లిషులో వెళ్ళింది. మేం ఆలోచించుకున్నది తెలుగులోనే కాబట్టి ఆ తెలుగే ఇక్కడ పెడుతున్నాను.

*

విషయం: రాజీనామా, చివరి పనిదినం ఏప్రిల్ 30

గౌరవనీయులైన మేనేజర్ గారికి,

నా ఉద్యోగానికి రాజీనామా సమర్పిస్తున్నాను. నియామక పత్రం ప్రకారం 60 రోజుల నోటీసు ఈ రోజు, మార్చి 2న మొదలై, నా లెక్కలో ఏప్రిల్ 30తో ముగుస్తుంది. కంపెనీ లెక్కలో తేడా ఉంటే ఆ తేదీనే పాటిస్తాను.

ఇంతవరకు చదివి ఆపేసినా పని జరిగిపోతుంది. మిగతాది టీ తాగుతూ చదవగలరు.

నేను చేరబోయే సంస్థ చిన్నది. ఇక్కడ మన ఒక్క మీటింగుకే పన్నెండు మంది వస్తాం. అక్కడ కంపెనీ మొత్తం బయల్దేరినా, కాస్త సర్దుకుంటే, ఒక ఆటో చాలు. హెచ్ఆర్ విభాగం, అకౌంట్స్ విభాగం, పొద్దున్నే తాళం తీసే విభాగం అన్నీ ఒక్కరే చూస్తారు. ఆ ఒక్కరూ నేనేనని నిన్ననే తెలిసింది. నాకిచ్చిన హోదా పేరు విజిటింగ్ కార్డు మీద రెండు వరుసల్లో పట్టింది. కుర్చీ మాత్రం ప్లాస్టిక్‌ది. ఈ సంగతి ఇంట్లో చెబితే మా నాన్నగారు చాలాసేపు ఆలోచించి, "పోనీ ఆ తాళం చెవైనా నీ దగ్గరే ఉంటుందా?" అని అడిగారు.

ఇక్కడ నేను నేర్చుకున్నది చాలా ఉంది. చేరిన మూడో నెలలో, ఒక శుక్రవారం సాయంత్రం, నేను తప్పు ఫైలు పంపి నెల రిపోర్టులన్నీ తలకిందులు చేశాను. మీరు "ముందు సరిచేద్దాం, తర్వాత మాట్లాడదాం" అన్నారు. రాత్రి పదకొండు దాకా నా పక్కనే కూర్చుని సరిచేశారు. ఆ 'తర్వాత మాట్లాడటం' మాత్రం ఇంతవరకు జరగలేదు. ఏప్రిల్ 30 లోపు ఎప్పుడు పిలిచినా వస్తాను.

నా పనుల వివరాలన్నీ రాసి మార్చి 20 లోపు మీకు అందజేస్తాను. నా స్థానంలో వచ్చేవారికి పని నేర్పడానికి నోటీసు కాలమంతా అందుబాటులో ఉంటాను.

కృతజ్ఞతలతో,
మీ టీములో చివరి కుర్చీ

*

ఇందులో జోకులన్నీ ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. పాత ఆఫీసు పెద్దది అన్న మాట తప్ప దాని మీద ఒక్క విసురు లేదు. వెళ్తున్న చోటు చిన్నదనం, వెళ్తున్నవాడి గతి, వాళ్ళ నాన్న బెంగ, ఇవే సరుకు. పెద్ద ఆఫీసు వదిలి చిన్న కంపెనీకి పోయేవాడికి ఈ విషయంలో అదృష్టముంది. తను దిగుతున్న మెట్టు మీదే నవ్వుకోవచ్చు. ఇంకో పెద్ద కంపెనీకి, నలభై శాతం ఎక్కువ జీతానికి పోయేవాడు తన మీద ఎన్ని జోకులేసుకున్నా అవి గొప్పలు చెప్పుకున్నట్టే వినిపిస్తాయి.

ఇందులో లేనివి కూడా గమనించండి. స్టార్టప్ పేరు లేదు, అది ఏం తయారుచేస్తుందో లేదు, జీతం ఊసు లేదు. జీతానికి బదులు ఇస్తామన్న షేర్ల మీద మావాడు ఒక మంచి జోకు రాశాడు. ఇలాంటి షేర్లు మామూలుగా నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా చేతికొస్తాయి. మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఒక్కటీ రాదు. "అంటే నాకు కట్నం నాలుగు వాయిదాల్లో, మొదటి సంక్రాంతికి అల్లుడు అలిగితే అదీ లేదు" అని రాశాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వి, కొట్టేయమన్నాను. కొత్త కంపెనీతో ఒప్పందం ఎలా ఉందో పాత కంపెనీ ఫైల్లో ఉండాల్సిన పనిలేదు.

ఇంకో వాక్యం దగ్గర ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. పనుల వివరాలు రాసిస్తానన్న చోట వాడు, "నేను తప్ప ఎవరికీ అర్థంకాని ఎక్సెల్ షీటు ఒకటుంది, నిజానికి అది నాకూ పూర్తిగా అర్థం కాదు" అని రాశాడు. తన మీదే కదా జోకు, నువ్వు చెప్పిన సూత్రమే కదా అన్నాడు. సూత్రం అదే. కానీ ఆ షీటులోంచి నాలుగేళ్ళుగా రిపోర్టులు వెళ్తున్నాయి. వాడికే అర్థం కాలేదంటే ఆ రిపోర్టుల మీద సంతకం పెట్టిన మేనేజరు ఏమైనట్టు? తన మీద వేసుకున్న జోకు కూడా పక్కవాడికి తగలొచ్చు. శుక్రవారం తప్పు ఫైలు కథ ఉంచడానికి కారణం, ఆ తప్పు ఆ రాత్రే సరిదిద్దడం అయిపోయింది, అందులో మేనేజరు పెద్దమనిషిగా కనిపిస్తాడు.

ఇంత చెక్కాక కూడా వాడిని ఒక ప్రశ్న అడిగాను. ఈ నెలలో మీ ఫ్లోరులో ఎవరినైనా తీసేశారా? తీసేసి ఉంటే ఈ ఉత్తరం వద్దు, నాలుగు లైన్ల మామూలు అచ్చు చాలు. పక్క కుర్చీవాడు పెట్టె సర్దుకుంటుంటే ఆటోలో సరిపోయే కంపెనీ మీద జోకు బాగుండదు. నోటీసు తగ్గించమని, మిగతా రోజులకి డబ్బు కట్టేస్తానని బేరం నడుస్తున్నా అంతే. బేరం తేలేదాకా హాస్యం ఆపాలి. అలాంటివేమీ లేవన్నాడు. అయితే ముందు మేనేజర్ని కలిసి నోటితో చెప్పు, సాయంత్రం ఉత్తరం పంపు అన్నాను. వార్త మనిషి నోట వినాలి. తన టీములోంచి ఒకడు వెళ్తున్నాడన్న సంగతి ఆయనకి జోకుల మధ్య తెలిస్తే, ఎంత సరదా మనిషికైనా చివుక్కుమంటుంది.

మార్చి 2 మధ్యాహ్నం వాడు మేనేజరుకి చెప్పాడు. సాయంత్రం ఉత్తరం పంపాడు. పది నిమిషాల్లో మేనేజరు జవాబు: "టీ తాగుతూ చదివాను. ఆ శుక్రవారం సంగతి ఏప్రిల్ 29న మాట్లాడదాం, బిర్యానీ నీదే."

అంతటితో అయిపోవాల్సింది. కానీ ఈ రోజుల్లో ఉత్తరం ఒక్కటే సరిపోదు. కంపెనీ పోర్టల్లో కూడా రాజీనామా నమోదు చేయాలి. అక్కడ కారణం అన్న చోట నొక్కితే ఒక జాబితా తెరుచుకుంటుంది: మెరుగైన అవకాశం, పై చదువులు, ఆరోగ్యం, వివాహం, ఇతరములు. మావాడు మెట్రోలో నిలబడి, ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో నొక్కాడు. 'ఇతరములు' నొక్కాననుకుని దాని పైన ఉన్నది నొక్కాడు. సమర్పించు అన్నదీ నొక్కాడు.

మర్నాడు పొద్దున్న ఫ్లోరంతా శుభాకాంక్షలు. మేం మూడు రోజులు చెక్కిన జోకులన్నింటికీ కలిపి నవ్వినదానికంటే ఆ ఒక్క నొక్కుకి ఎక్కువ నవ్వారట. వాడి స్నేహితుడెవరో అదే ఊపులో ఫ్యామిలీ ఫోటో కింద కూడా శుభాకాంక్షలు రాశాడు. రాత్రి ఎనిమిదింటికి మా అక్క దగ్గర్నుంచి నాకు ఫోను.

"ఒరేయ్ తమ్ముడూ, ఉత్తరం నువ్వే దగ్గరుండి రాయించావటగా. ఇంతకీ పిల్ల ఎవరు?"